ఎన్ని గుర్రాల ట్రాక్టరు?

ట్రాక్టరు కొందామని షోరూముకు వెళ్లిన రైతును మొదట అడిగే మాట "మీకెన్ని ఎకరాలండీ?" అని. పదెకరాల లోపైతే ఇది తీసుకోండి, ఇరవై దాకా అయితే అది తీసుకోండి అని వెంటనే ఒక సలహా కూడా వచ్చేస్తుంది. ఆ సలహాలో నేల ఎర్రదో నల్లదో లేదు, వేసేది పత్తో వరో లేదు. వెనక ఏం తగిలిస్తారన్నది అసలే లేదు. ఎకరాల లెక్క అక్కర్లేదని నేననను. కానీ దాని వంతు చివర్లో వస్తుంది. ముందు తేల్చుకోవలసింది పనిముట్టు. పనిముట్టును నేల ఎంతగా పట్టుకుంటుందో తెలిస్తే ఎన్ని హెచ్‌పీ కావాలో తెలుస్తుంది. ఎన్ని రోజుల్లో ఎన్ని ఎకరాలు ముగించాలో తెలిస్తే పనిముట్టు ఎంత వెడల్పు ఉండాలో తెలుస్తుంది.

హెచ్‌పీ అంటే పని జరిగే వేగానికి కొలత. మన దేశంలో ట్రాక్టర్లకు వాడే లెక్కలో 75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి ఎత్తగలిగితే అది ఒక హెచ్‌పీ. మంచి ఎడ్లజత నాగలి లాగుతూ రోజంతా ఇవ్వగలిగేది దాదాపు ఇంతే. బానెట్ మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె చాలాసార్లు మోడల్ నంబరే తప్ప హెచ్‌పీ కాదు, అది గుర్తుంచుకోవాలి. కాగితాల్లో 45 హెచ్‌పీ అని ఉంటే అది సాధారణంగా ఇంజిన్ దగ్గర పుట్టే శక్తి. పొలానికి చేరేది అందులో కొంతే. ఎంత చేరుతుందన్నది అది ఏ దారిన బయటికొస్తుందో దాన్నిబట్టి ఉంటుంది.

దారులు ముఖ్యంగా రెండు. ఒకటి వెనక చక్రాలు. నాగలి, గొర్రు, ట్రాలీ లాంటివన్నీ చక్రాల పట్టుతో లాగేవే. రెండోది ట్రాక్టరు వెనక తిరిగే పీటీఓ షాఫ్టు. రోటవేటర్, పవర్ స్ప్రేయర్, గడ్డి కట్టలు కట్టే బేలర్ దాని తిప్పుడు మీద నడుస్తాయి. ఇంజిన్ నుంచి పీటీఓకు వచ్చేసరికి గేర్లలో పోయేది నూటికి పది, పదిహేను పాళ్లు మాత్రమే. అంటే 45 హెచ్‌పీ ఇంజిన్‌కు పీటీఓ దగ్గర 38 నుంచి 40 దొరుకుతాయి. చక్రాల దారిలో నష్టం చాలా ఎక్కువ. టైరు మట్టిని నొక్కి, మట్టిలో జారి, కొంత శక్తిని అక్కడే పోగొట్టుకుంటుంది. గట్టి నేల మీద ఇంజిన్ శక్తిలో మూడింట రెండొంతులు దాకా లాగుడుకు అందవచ్చు. గుల్ల నేలలో సగమే అందుతుంది.

అందుకే ఒకే ఊళ్లో, ఒకే 45 హెచ్‌పీ బండి ఒకరికి ధీమాగా పనిచేస్తుంది, ఇంకొకరికి చాలదు. వాళ్లు తగిలించే పనిముట్లు ఆ శక్తిని వేరు వేరు దారుల్లో అడుగుతున్నాయి.

నాగలి అడిగేది బరువును

వేసవి దుక్కికి వాడే రెక్క నాగలిని చూద్దాం. మన ప్రాంతంలో ఎక్కువగా రెండు రెక్కలవి ఉంటాయి. ఒక్కో రెక్క 30 సెంటీమీటర్ల వెడల్పు కోస్తుంది. 20 సెంటీమీటర్ల లోతు దున్నాలంటే, నాగలి ముందుకు పోయే దిశలో అది కోసే మట్టి ముఖం 60 × 20, అంటే 1200 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరును చీల్చడానికి ఎంత బలం కావాలన్నది నేలను బట్టి మారుతుంది. దుబ్బ నేలల్లో దాదాపు 0.2 కిలోలు చాలు. ఎర్ర చల్కల్లో 0.3, 0.4 పడుతుంది. నల్లరేగడిలో 0.7 దాటుతుంది. ఈ అంకెలు స్థిరంగా ఉండేవి కావు. పదును తప్పి ఆరిపోయిన రేగడి ఇంకా ఎక్కువే అడుగుతుంది.

నల్లరేగడికి 0.7 అనుకుంటే 1200 × 0.7, అంటే 840 కిలోల లాగుడు కావాలి. నాగలి దుక్కి గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. లాగుడును వేగంతో గుణించి 270తో భాగిస్తే హెచ్‌పీ వస్తుంది. 840 × 4 ÷ 270 చేస్తే పన్నెండున్నర. ఇంజిన్ శక్తిలో సగమే నాగలికి చేరుతుందనుకుంటే ఇంజిన్ దగ్గర 25 కావాలి. ఇంజిన్‌ను రోజంతా నూటికి నూరుపాళ్లు నడపకూడదు కాబట్టి కాస్త వెసులుబాటు కలుపుకుంటే 31 అవుతుంది. ఈ లెక్క ప్రకారం 35 హెచ్‌పీ బండి రేగడిలో రెండు రెక్కల నాగలిని సుఖంగా లాగాలి.

పొలంలో మాత్రం అది లాగదు. ఇంజిన్ ఏమాత్రం ఇబ్బంది పడకుండా మోగుతూనే ఉంటుంది, వెనక చక్రాలు మాత్రం ఉన్నచోటే తిరుగుతాయి. ట్రాక్టరు ఎంత లాగగలదన్నది ఇంజిన్ ఒక్కటే తేల్చదు. నడిపే చక్రాల మీద పడే బరువు కూడా తేలుస్తుంది. దుక్కి నేలలో టైరు తన మీదున్న బరువులో సగం లోపే లాగగలదు, నూటికి 45 పాళ్లు అనుకోవచ్చు. 35 హెచ్‌పీ బండి బరువు మామూలుగా 1700, 1800 కిలోలుంటుంది. లాగేటప్పుడు ముందు బరువు కొంత వెనక్కి మళ్లుతుంది కాబట్టి వెనక ఇరుసు మీద 1300 కిలోల దాకా పడుతుంది. అందులో 45 పాళ్లంటే 585 కిలోలు. మనకు కావలసింది 840. ఇంజిన్‌లో శక్తి మిగిలే ఉంది, దాన్ని నేలకు దించే దారే చాలలేదు.

ఇప్పుడు రెండు టన్నుల పైచిలుకు బరువున్న 45 హెచ్‌పీ బండిని చూడండి. వెనక టైర్లలో నీళ్లు నింపి, చక్రాలకు ఇనుప బరువులు బిగిస్తే డ్రైవరుతో కలిపి 2400 కిలోల దాకా వస్తుంది. వెనక ఇరుసు మీద 1800 పడితే లాగుడు 810 కిలోలు. అప్పటికీ అంచుమీదే ఉంది, కానీ నడుస్తుంది. లోతు 15 సెంటీమీటర్లకు తగ్గిస్తే కావలసిన లాగుడు 630కి పడిపోతుంది, అప్పుడు బండి హాయిగా పోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకుంటే ముందు చక్రాల మీది బరువు కూడా లాగుడుకు పనికొస్తుంది. రేగడిలో నాగలి దుక్కి ప్రతి ఏడూ చేసేవాళ్లకు నేను హెచ్‌పీ పెంచమని చెప్పను. అదే డబ్బు ఫోర్ వీల్ మీద పెట్టమని చెబుతాను.

ఈ బరువు లెక్క తప్పిందని కనిపెట్టడం కష్టం కాదు, కావలసింది ఒక సుద్దముక్క, ఒక టేపు. వెనక టైరు పక్కన సుద్దతో గీత గీయండి. అదే నేలలో నాగలి పైకెత్తి నడిపి, చక్రం సరిగ్గా పది చుట్లు తిరిగేసరికి బండి ఎంత దూరం పోయిందో కొలవండి. తర్వాత నాగలి దించి, మీరు రోజూ దున్నే లోతులో, అదే గేరులో మళ్లీ పది చుట్లు. మొదటిసారి 42 మీటర్లు, రెండోసారి 36 మీటర్లు వస్తే తేడా ఆరు. 42లో ఆరంటే నూటికి 14 పాళ్ల జారుడు. దుక్కి నేలలో ఎనిమిది నుంచి పదిహేను పాళ్లు జారడం మామూలే. అంతకంటే తక్కువ జారితే బండికి అనవసరపు బరువు ఎక్కువైందని అర్థం. అది నేలను అణగదొక్కుతుంది, డీజిలు తాగుతుంది. ఇరవై దాటితే బరువు చాలక టైరు అరుగుతోందన్నమాట. సాలులో టైరు అచ్చులు చూసినా కొంత తెలుస్తుంది. అచ్చు కడిగినట్టు స్పష్టంగా పడితే జారుడు లేదు. అచ్చంతా చెదిరి మట్టి వెనక్కి కుప్పలా తోసినట్టుంటే బాగా జారుతోంది.

రోటవేటర్ లెక్క వేరు

రోటవేటర్ దగ్గర కథ తిరగబడుతుంది. దాని బ్లేళ్లు చక్రాలు తిరిగే దిశలోనే తిరుగుతాయి. మట్టిని కొడుతూ బండిని కాస్త ముందుకు తోస్తాయి. కాబట్టి ట్రాక్టరు దాన్ని పెద్దగా లాగనక్కర్లేదు, బరువూ అంతగా అక్కర్లేదు. కానీ పీటీఓ దగ్గర అది అడిగే శక్తి చాలా ఎక్కువ. బరువు చాలని బండి నాగలి దగ్గర ఓడిపోతే, ఇంజిన్ చాలని బండి రోటవేటర్ దగ్గర ఓడిపోతుంది.

బరువు నేలల్లో రోటవేటర్ వెడల్పు అడుగుకు ఆరు నుంచి ఏడు పీటీఓ హెచ్‌పీ పడుతుంది. తేలిక నేలల్లో ఐదు సరిపోతుంది. ఐదడుగులదానికి రేగడిలో 33 పీటీఓ హెచ్‌పీ అనుకుంటే ఇంజిన్ దగ్గర 38 దాకా కావాలి. ఆరడుగులదానికి 39, 40 పీటీఓ హెచ్‌పీ అంటే ఇంజిన్ 45, 46. ఏడడుగులదానికి 50 దాటాలి. పత్తి కట్టెను పొలంలోనే ముక్కలు చేసి కలిపేయాలనుకుంటే, లేదా కోత యంత్రం వదిలిన వరి కొయ్యకాళ్ల మీద నడపాలనుకుంటే, ఈ అంకెల్లో ఎక్కువ వైపు తీసుకోవాలి.

ఇక్కడ చాలామంది చూడని వివరం ఒకటుంది. రోటవేటర్‌కు పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగాలి. ఆ 540 రావడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలన్నది ఒక్కో బండిలో ఒక్కోలా ఉంటుంది. ఇంజిన్ పూర్తి శక్తి 2000 చుట్ల దగ్గర వస్తూ, 540 మాత్రం 1600 చుట్లకే వచ్చే బండైతే, రోటవేటర్ నడిచేటప్పుడు కాగితం మీది హెచ్‌పీ మొత్తం దొరకదు. తేలిక పనికి ఇది మంచిదే, డీజిలు మిగులుతుంది. బరువు నేలలో ఆరడుగులది నడపాలంటే మాత్రం 540కి దొరికే హెచ్‌పీ ఎంతని అడిగి తీరాలి. రెండో వివరం గేర్లది. రోటవేటర్ పని గంటకు రెండు, మూడు కిలోమీటర్ల వేగంలో సాగాలి. పీటీఓ 540 చుట్లు తిరిగే రేజ్‌లో ఇంజిన్ ఉండగా బండి అంత నెమ్మదిగా పోయే గేరు ఉండాలి. అది లేకపోతే బండి తొందరగా పోతుంది, పెళ్లలు పగలకుండా మిగిలిపోతాయి. డ్రైవరు రేజ్ తగ్గించి వేగం తగ్గిస్తే బ్లేళ్ల తిప్పుడూ తగ్గి పని ఇంకా చెడుతుంది.

ఇంజిన్ చాలడం లేదనడానికి గుర్తు పొగగొట్టంలో కనిపిస్తుంది. రేగడి గట్టిగా తగిలినచోట ఒక్క దమ్ము నల్లపొగ వచ్చి ఆగిపోతే పర్లేదు. సాలు పొడుగునా నల్లపొగ వస్తూ, ఇంజిన్ మోత దిగిపోతూ, డ్రైవరు మాటిమాటికీ రోటవేటర్ కొద్దిగా ఎత్తుతున్నాడంటే ఆ వెడల్పు ఆ బండికి ఎక్కువ. ఇలా నడిపితే ముందు పోయేది క్లచ్ ప్లేటే.

దమ్ములో బరువే బరువవుతుంది

వరి రైతుకు ఈ లెక్కంతా మళ్లీ మారుతుంది. దమ్ము చేసే మడిలో పైన పదిహేను, ఇరవై సెంటీమీటర్ల బురద, దాని కింద ఏళ్ల తరబడి తొక్కుడుకు గట్టిపడిన పొర ఉంటాయి. ట్రాక్టరు నిలబడేది ఆ పొర మీద. రేగడి దుక్కికి మనం కోరి తెచ్చుకున్న బరువు ఇక్కడ ఆ పొరను చిల్లి పొడుస్తుంది. ఒకసారి చిల్లి పడితే ఆ మడిలో బండి ఏటా అక్కడే దిగబడుతుంది, నీళ్లు కూడా అక్కడే ఇంకిపోతాయి. దమ్ముకు దిగేముందు టైర్లకు బిగించిన ఇనుప బరువులు తీసేయడం, నీళ్లు తగ్గించడం అందుకే. దమ్ము చక్రాలు బిగిస్తే బరువు ఎక్కువ చోట్లకు పరుచుకుంటుంది, పట్టూ దొరుకుతుంది. కానీ వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డు చెడిపోతుంది, జరిమానా పడుతుంది.

దమ్ముకు 35 నుంచి 45 హెచ్‌పీ మధ్య తేలికపాటి బండి చాలు. మడి చిన్నదయ్యేకొద్దీ పెద్ద బండికి గట్ల దగ్గర తిరగడమే ఒక పని అవుతుంది. 2015-16 వ్యవసాయ గణనలో సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో ఒక హెక్టారు. అంటే రెండున్నర ఎకరాల లోపే. అదీ రెండు మూడు ముక్కలుగా ఉండే చోట 55 హెచ్‌పీ బండి సగం సేపు మలుపుల్లోనే గడుపుతుంది.

పండ్లతోటల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. బత్తాయి, దానిమ్మ, ద్రాక్ష తోటల్లో హెచ్‌పీ కంటే బండి వెడల్పు, ఎత్తు ముఖ్యం. చెట్ల మధ్య కొమ్మలకు తగలకుండా పోవాలి. 20 నుంచి 28 హెచ్‌పీ ఇరుకు ట్రాక్టరు మందు కొట్టే బ్లోయరుకూ, మూడున్నర అడుగుల చిన్న రోటవేటర్‌కూ సరిపోతుంది. పత్తి, మిర్చి సాళ్ల మధ్య అంతరకృషికి కూడా అలాంటి చిన్న బండే పోగలదు. 45 హెచ్‌పీ బండి కొని, దానితోనే పత్తి సాళ్లలో గుంటక తోలదామనుకుంటే కుదరదు. ఆ పనికి ఎడ్లో, పవర్ వీడరో ఉండనే ఉండాలి.

పద్దెనిమిది ఎకరాల లెక్క

ఇప్పుడు ఎకరాలను తెద్దాం. ఖమ్మం జిల్లాలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఉండే ఒక కమతం ఊహించుకోండి. సొంతమూ కౌలూ కలిపి పద్దెనిమిది ఎకరాలు. ఎనిమిది ఎకరాల రేగడిలో పత్తి, నాలుగెకరాల్లో మిర్చి, కాలువ కింద ఆరెకరాలు వరి. ఇంట్లో వినిపించే మాట ఏమిటంటే, పక్కవాళ్లకు యాభై ఉంది కాబట్టి మనమూ యాభైకే పోదామని.

మనం ముందు చూడవలసింది పనికి దొరికే రోజులు. రేగడి దుక్కికి పదును కొద్దిరోజులే నిలుస్తుంది. వాన పడ్డాక మట్టి అంటుకోకుండా ఉండే రోజు నుంచి, ఎండి రాయిలా బిగిసే రోజు లోపు పని అయిపోవాలి. నాలుగు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు అనుకుందాం. చేతిలో 32 గంటలున్నాయి. ఆ పదునులో పత్తి, మిర్చి పెట్టే పన్నెండెకరాలను రెండుసార్లు రోటవేటర్ తోలాలి. అంటే 24 ఎకరాల పని.

గంటకు ఎన్ని ఎకరాలవుతుందో ఇలా కట్టొచ్చు. పనిముట్టు వెడల్పును మీటర్లలో తీసుకుని, గంటకు కిలోమీటర్ల వేగంతో గుణించి, పదితో భాగిస్తే హెక్టార్లు వస్తాయి. మలుపులకు, ఆగడానికి అయిదో వంతు తీసేసి, రెండున్నరతో గుణిస్తే ఎకరాలు. ఐదడుగుల రోటవేటర్ అంటే ఒకటిన్నర మీటరు. మూడు కిలోమీటర్ల వేగంలో అది గంటకు ఇంచుమించు తొంభై సెంట్లు చేస్తుంది. ఆరడుగులది ఎకరం పైన ఏడెనిమిది సెంట్లు చేస్తుంది. 24 ఎకరాలకు ఐదడుగులది 27 గంటలు, ఆరడుగులది 22 గంటలు తీసుకుంటుంది. రెండూ 32 గంటల లోపే. అంటే ఈ కమతానికి ఐదడుగుల రోటవేటర్, దానికి తగ్గ 40 హెచ్‌పీ బండి చాలు. యాభై కొంటే ఈ పనిలో మిగిలేది ఐదు గంటలు.

గొర్రు సంగతి చూద్దాం. తొమ్మిది చెక్కల గొర్రు రెండు మీటర్ల వెడల్పు తీసుకుంటుంది, ఐదు కిలోమీటర్ల వేగంలో గంటకు రెండెకరాలు చేస్తుంది. మామూలు పదునులో చెక్కకు 50 కిలోల లాగుడు అనుకుంటే మొత్తం 450 కిలోలు. 40 హెచ్‌పీ బండికి అది కష్టమేమీ కాదు. వరి ఆరెకరాల దమ్ముకు ఆ బండే, దమ్ము చక్రాలతో. తేలిక బండి కాబట్టి మడిలో ఇంకా మంచిది.

మిగిలింది రెక్క నాగలి. పైన చూసిన లెక్క ప్రకారం 20 సెంటీమీటర్ల లోతుకు 840 కిలోల లాగుడు కావాలి. 40 హెచ్‌పీ బండి టైర్లలో నీళ్లు నింపినా అంత లాగదు. కొనేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఉన్నవాటిలో అతి బరువైన పనికి సరిపోయే బండి కొంటారు. ఆ పని మాత్రం రెండు మూడేళ్లకోసారి వేసవిలో వస్తుంది. రెండు రెక్కల నాగలి గంటకు దాదాపు నలభై ఎనిమిది సెంట్లు చేస్తుంది కాబట్టి పన్నెండెకరాలకు 25 గంటలు పడుతుంది. మూడేళ్లకోసారి వచ్చే 25 గంటల కోసం ఏడాది పొడవునా పది హెచ్‌పీ అదనంగా మోయడం నాకు సరికాదనిపిస్తుంది. ఆ దుక్కి కిరాయికి చేయించుకోవచ్చు, లేదా తన బండితోనే ఒక రెక్క నాగలితో నిదానంగా దున్నుకోవచ్చు. వేసవి కాబట్టి తొందర ఉండదు.

అదనపు హెచ్‌పీ ఊరికే ఉండదు, డీజిలు రూపంలో కూడా అడుగుతుంది. ఇంజిన్ బాగా పని పట్టుకున్నప్పుడు ఒక్కో హెచ్‌పీకి గంటకు పావు లీటరు కంటే కాస్త తక్కువ తాగుతుంది. అదే ఇంజిన్ తన శక్తిలో పావు వంతు మాత్రమే వాడుతూ పూర్తి రేజ్‌లో తిరుగుతుంటే, అదే హెచ్‌పీకి చాలా ఎక్కువ తాగుతుంది. తిరగడానికే పోయే శక్తి పనికి పోయేదానితో సమానమవుతూ వస్తుంది కాబట్టి. పెద్ద బండి ఇప్పటికే ఉన్నవాళ్లు గొర్రు తోలేటప్పుడు ఒక గేరు పైకి వేసి, రేజ్ తగ్గించి అదే వేగంలో పోతే ఈ నష్టం కొంత తగ్గుతుంది. రోటవేటర్‌తో ఈ ఉపాయం పనిచేయదు, 540 చుట్లు కావాలి కాబట్టి.

ఒక్క విషయం ఈ లెక్కను మార్చగలదు. అది కిరాయి. ఊళ్లో గంటకింత అని కిరాయి ఇచ్చే పద్ధతి ఉంటే, పిలిచేవాళ్లు ఎక్కువ వెడల్పు దున్నే బండినే పిలుస్తారు. వాళ్లకు అదే గంటలో ఎక్కువ నేల అవుతుంది. అలాంటి చోట సొంత పద్దెనిమిది ఎకరాలకు తోడు మరో వంద ఎకరాల కిరాయి పని ఖాయంగా వస్తుందంటే ఆరడుగుల రోటవేటర్, 45 నుంచి 50 హెచ్‌పీ బండి అర్థవంతమే. ఎకరానికింత అని ఇచ్చే ఊళ్లో అదనపు వెడల్పు లాభం ట్రాక్టరు సొంతదారుకు దక్కుతుంది, కాబట్టి ఇంకా అర్థవంతం. కానీ కిరాయి వస్తుందని ఊహించుకుని కొనకూడదు. ఊళ్లో ఇప్పటికే ఎన్ని రోటవేటర్లున్నాయో, పదును రోజుల్లో అవి ఖాళీగా కనిపిస్తున్నాయా, వాటికోసం జనం వరస కడుతున్నారా చూసుకుని కొనాలి.

కాగితం మీద, పొలంలో

1919లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం ఒక చట్టం చేసింది. అక్కడి శాసనసభ్యుడు, స్వయంగా రైతు అయిన విల్మట్ క్రోజియర్ కొన్న ట్రాక్టరు చెప్పినంత పని చేయలేదు. ఏ కంపెనీ అయినా ఆ రాష్ట్రంలో ట్రాక్టరు అమ్మాలంటే విశ్వవిద్యాలయం దాన్ని పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలన్నది చట్టం సారం. 1920లో పరీక్షలు మొదలయ్యాయి. మన దేశంలో ఆ పని మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ చేస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణాదికి అలాంటి సంస్థే ఉంది.

బుద్నీ పరీక్ష నివేదికలో కొనేవాడికి పనికొచ్చేవి నాలుగైదు అంకెలే. పీటీఓ దగ్గర గరిష్ఠ హెచ్‌పీ, 540 చుట్ల దగ్గర హెచ్‌పీ, జారుడుతో సహా గరిష్ఠ లాగుడు, బండి బరువు అదనపు బరువులతోనూ లేకుండానూ, గంటకు డీజిలు ఖర్చు. వీటితోపాటు టార్క్ నిల్వ అనే అంకె ఉంటుంది. గట్టి పెళ్ల తగిలి ఇంజిన్ వేగం తగ్గినప్పుడు తిప్పే బలం ఎంత పెరుగుతుందో అది చెబుతుంది. ఒకే హెచ్‌పీ ఉన్న రెండు బండ్లలో ఈ అంకె ఎక్కువున్నది రేగడిలో ఆగిపోకుండా నెట్టుకొస్తుంది. డీలరును నివేదిక చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

పొలంలో డెమోకు తెప్పించినప్పుడు డీలరు తెచ్చిన పనిముట్టుతో, రోడ్డు పక్క గుల్ల నేలలో నడిపి చూపిస్తే దాన్నిబట్టి ఏమీ తెలియదు. మీరు కొనబోయే వెడల్పు రోటవేటర్‌నే మీ రేగడిలో, పదును కాస్త ఆరుతున్న రోజున దించమనండి. లోతు నాలుగైదు అంగుళాలకు పెట్టి, పీటీఓ 540 గుర్తు దగ్గర రేజ్ నిలిపి, సాలు మొత్తం నడపనివ్వండి. మీరు పక్కన నడుస్తూ మీటరు ముల్లును, పొగగొట్టాన్ని చూడండి. ముల్లు 540 గుర్తు కంటే పదోవంతు లోపల దిగి మళ్లీ లేస్తుంటే బండి సరిపోయినట్టే. దిగి లేవకపోతే లోతు తగ్గించకుండా, వెడల్పు ఒక అడుగు తక్కువున్న రోటవేటర్ తెప్పించి అదే సాలు పక్కన మళ్లీ నడిపించండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది, కావలసింది పెద్ద ట్రాక్టరో చిన్న రోటవేటరో. ఆ తర్వాత సాలు చివర రోటవేటర్ ఎత్తించి, ముందు చక్రాలు నేల మీద గట్టిగా ఆనుకుని ఉన్నాయో లేదో చూడండి. తేలిపోతుంటే ముందు బంపరు బరువులు కలిపి ధర ఎంతో అడగండి. వాటిని కొనేముందే బేరంలో కలిపించుకోవాలి.